మిఠాయి కొట్టు సీసాల కథతో లూప్, కండిషన్: నేను చెప్పే పద్ధతి

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. రోజూ పడుకునే ముందు కథ కావాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి, ఒక మిఠాయి కొట్టాయన సీసాలు లెక్కపెట్టే కథతో లూప్ అంటే ఒకే పని మళ్లీ మళ్లీ చెయ్యడం, కండిషన్ అంటే అవునో కాదో చూసి పని చెయ్యడం అని చెబుదామని రెండుసార్లు ప్రయత్నించాను. సగంలోకి వచ్చేసరికి అది కథ కాకుండా పాఠం అయిపోతోంది. పాప "వేరే కథ చెప్పు నాన్నా" అంటోంది. పిల్లలకి ఇలా చెప్పి చూసినవాళ్లు ఉంటే, ఎలా చెప్పాలో చెప్పండి.

సమాధానం:

కథలో లూప్, కండిషన్ అనే మాటలే రానివ్వకండి. కొట్టాయనకి రోజూ రాత్రి చేసే ఒక అలవాటు పెట్టండి. ఆ అలవాటుని ప్రతి సీసా దగ్గరా అవే మాటల్లో చెప్పండి. తర్వాత ఆ అలవాటులో ఒక చిన్న పొరపాటు దొర్లనివ్వండి. కథ నడిచేది ఆ పొరపాటు వల్లే. ఆయన సరిగ్గా లెక్కపెట్టేసి పడుకుంటే అందులో వినడానికి ఏమీ లేదు, అందుకే పాప వేరే కథ అడుగుతోంది. లెక్క తప్పి, పొద్దున్నే కొట్టు ముందు జనం నిలబడి, తాత ఏం చెప్పాలో తెలియక నిలుచుంటే, అప్పుడు పాప లేచి కూర్చుంటుంది.

నేను రాజమండ్రిలో ఆదివారాలు పిల్లలకి స్క్రాచ్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్పుతాను. పదేళ్లు దాటింది. ఈ కథ మొదట మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు చెప్పాను, తర్వాత క్లాసులో చాలామంది పిల్లలకి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట మార్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు చెబుతున్న రూపం ఇది. ముందు కథ మొత్తం రాస్తాను, ఏది ఎందుకు అలా పెట్టానో తర్వాత చెబుతాను.

మొదటి రాత్రి

అనగనగా గోదారి గట్టున ఒక ఊరు. ఆ ఊళ్లో వీరయ్య తాతకి ఒక మిఠాయి కొట్టు ఉంది. కొట్టులో ఒక పొడుగాటి చెక్క బల్ల, దాని మీద వరసగా ఏడు గాజు సీసాలు. మొదటిది మడత కాజాలది. పక్కన సున్నుండలు, దాని పక్కన తొక్కుడు లడ్డూలు, తర్వాత అరిసెలు, నువ్వుండలు, కొబ్బరి లౌజు. ఆ చివర పల్లీ ఉండలు.

రోజూ రాత్రి కొట్టు కట్టేసే ముందు తాత ఒక పని చేస్తాడు. ఎడం చేతిలో ఒక ఇత్తడి గిన్నె పట్టుకుంటాడు. జేబులో చింతగింజలు వేసుకుంటాడు. మొదటి సీసా ముందు నిలబడతాడు. వెనకాల మనవరాలు చిట్టి.

కాజాల సీసా. మూత తీశాడు. లెక్కపెట్టాడు. పన్నెండు. "పదికి తక్కువా?" అంది చిట్టి. "కాదు" అన్నాడు తాత. మూత పెట్టాడు, పక్క సీసాకి జరిగాడు.

సున్నుండల సీసా. మూత తీశాడు. లెక్కపెట్టాడు. నాలుగే! "పదికి తక్కువా?" "అవును." గిన్నెలో ఒక చింతగింజ, టప్! మూత పెట్టాడు, పక్క సీసాకి జరిగాడు.

లడ్డూల సీసా. మూత తీశాడు. లెక్కపెట్టాడు. పదిహేను. "పదికి తక్కువా?" "కాదు." మూత పెట్టాడు, పక్క సీసాకి జరిగాడు.

అరిసెల సీసా. మూత తీశాడు. లెక్కపెట్టాడు. సరిగ్గా పది. చిట్టి ఆగిపోయింది. "తాతయ్యా, పది ఉంటే గింజ వెయ్యాలా, వద్దా?" "నువ్వే చెప్పు. పది, పదికి తక్కువా?" చిట్టి కాసేపు ఆలోచించింది. "కాదు." మూత పెట్టాడు, పక్క సీసాకి జరిగాడు.

నువ్వుండల సీసా ఖాళీ. ఒక్కటీ లేదు. "పదికి తక్కువా?" "అవును." టప్! కొబ్బరి లౌజు ఏడు ముక్కలు. "పదికి తక్కువా?" "అవును." టప్! పల్లీ ఉండలు ఇరవై. "పదికి తక్కువా?" "కాదు."

మూత పెట్టాడు. పక్కకి జరుగుదామని చూశాడు. సీసా లేదు, గోడ ఉంది. అక్కడితో ఆగిపోయాడు.

గిన్నె తీసుకెళ్లి వంటమాస్టరు ముందు పెట్టాడు. ఆయన గింజలు చూశాడు. మూడు. మర్నాడు తెల్లారకముందే మూడు పొయ్యిలు వెలిగించాడు. ఒకదాని మీద మినప్పప్పు వేగింది, ఒకదాని మీద నువ్వులు, ఒకదాని మీద కొబ్బరీ బెల్లం. ఎండ వచ్చేసరికి సీసాలన్నీ నిండుగా ఉన్నాయి.

రెండో రాత్రి

ఆ రాత్రి తాతకి బాగా నిద్ర వస్తోంది. గిన్నె తీసుకున్నాడు. అందులో నిన్నటి మూడు గింజలు అలాగే ఉన్నాయి. తాత చూడలేదు. (ఇక్కడ మీ పాప "అయ్యో" అనాలి. అనకపోతే ఈ వాక్యం ఇంకోసారి మెల్లగా చెప్పండి.)

మొదటి సీసా. మూత తీశాడు, లెక్కపెట్టాడు, పదికి తక్కువా? కాదు. రెండో సీసా, కాదు. మూడో సీసా, కాదు. అరిసెలు మాత్రం అయిదే ఉన్నాయి. టప్! తర్వాత రెండు సీసాలు నిండుగా ఉన్నాయి. పల్లీ ఉండలు ఎనిమిది. టప్! గోడ వచ్చింది. ఆగాడు.

వంటమాస్టరు గిన్నె చూశాడు. అయిదు గింజలు! అయిదు పొయ్యిలు వెలిగించాడు. మూడు పొయ్యిల మీద ఏం వండాలో ఆయనకి తెలియలేదు. సరే, కాజాలూ లడ్డూలూ చేసేద్దామనుకున్నాడు. కాజాల సీసా మూత పడలేదు. లడ్డూలు పెట్టడానికి చోటు లేక పళ్లెంలో పోశారు. సాయంత్రానికి చీమలు పట్టాయి. నెయ్యి డబ్బా ఖాళీ అయిపోయింది.

తాత తల పట్టుకున్నాడు. గిన్నె వంక చూశాడు. "ఓహో, నిన్నటి గింజలు ఉండిపోయాయి. ఇక నుంచి గిన్నె ఖాళీ చేసుకుని లెక్కపెడతాను" అన్నాడు.

మూడో రాత్రి

తాత ఈసారి చాలా జాగ్రత్తగా ఉన్నాడు. కాజాల సీసా ముందు నిలబడి ముందుగా గిన్నె బోర్లించాడు. మూత తీశాడు. లెక్కపెట్టాడు. ఆరు. "పదికి తక్కువా?" "అవును." టప్! పక్క సీసాకి జరిగాడు.

సున్నుండల సీసా ముందు నిలబడ్డాడు. "గిన్నె ఖాళీ చేసుకోవాలి కదా" అని గిన్నె బోర్లించాడు. మూత తీశాడు. పద్నాలుగు. "పదికి తక్కువా?" "కాదు." పక్క సీసాకి జరిగాడు.

లడ్డూల సీసా. గిన్నె బోర్లించాడు. మూత తీశాడు. రెండే ఉన్నాయి. టప్! పక్కకి జరిగాడు. అరిసెల సీసా. గిన్నె బోర్లించాడు...

అలా పల్లీ ఉండల దాకా వెళ్లాడు. గిన్నె బోర్లించాడు. పద్దెనిమిది. "పదికి తక్కువా?" "కాదు." గోడ. ఆగాడు.

వంటమాస్టరు గిన్నెలోకి చూశాడు. ఒక్క గింజ కూడా లేదు. "అమ్మయ్య, రేపు పొయ్యి వెలిగించే పనే లేదు" అని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

పొద్దున్నే పెళ్లివాళ్లు వచ్చారు. "నలభై లడ్డూలు కావాలండీ." తాత మూత తీశాడు. రెండు లడ్డూలు. "లెక్కపెట్టే పడుకున్నానే! అదీ, మెల్లగా లెక్కపెట్టానే!" అన్నాడు తాత.

చిట్టి ఏమీ అనలేదు. గిన్నె తీసుకుంది, గింజలు తీసుకుంది. తాత నిన్న ఎలా నడిచాడో అలాగే మొదటి సీసా నుంచి నడిచింది. బోర్లించింది, మూత తీసింది, టప్. పక్కకి జరిగింది. బోర్లించింది... అక్కడ ఆగింది. బోర్లించినప్పుడు గింజ కింద పడి బల్ల కిందికి దొర్లుకుంటూ పోయింది. బల్ల కిందికి వంగి చూసింది. అక్కడ నిన్నటి గింజలు కూడా రెండు ఉన్నాయి.

"తాతయ్యా, గిన్నె ఎప్పుడు ఖాళీ చెయ్యాలి?"

కథ ఇక్కడ ఆపండి. జవాబు మీరు చెప్పకండి. పాప చెప్పాలి. చెప్పకుండా నిద్రపోతే రేపు అడగండి. "మొదటి సీసా ముందు, ఒక్కసారే" అనే మాట తన నోటి నుంచి వచ్చాక, తాత అలాగే చేశాడనీ, రెండు పొయ్యిలు వెలిగాయనీ చెప్పి ముగించండి.

ఇక ఇలా ఎందుకు కట్టానో చెబుతాను.

అవే మాటలు, వేరే సీసా. "మూత తీశాడు, లెక్కపెట్టాడు, పదికి తక్కువా, పక్క సీసాకి జరిగాడు." ఈ వరస మార్చకండి. పెద్దవాళ్లకి ఒకే మాట మళ్లీ చెప్పాలంటే ఇబ్బందిగా ఉంటుంది, అందుకని మూడో సీసాకే "అలాగే మిగతావి కూడా చూశాడు" అని దాటేస్తారు. దాటేస్తే అసలు విషయమే పోతుంది. మూడో సీసా దగ్గరికి వచ్చేసరికి పాప ఆ మాటలు మీకంటే ముందే అనేస్తుంది. మారనిది ఏమిటో, మారేది ఏమిటో తనకి పట్టుబడిందనడానికి అదే గుర్తు. మారనిది చేసే పని, మారేది ముందున్న సీసా. నేను అయిదో సీసా నుంచి కొంచెం తొందరగా చెప్పడం మీరు గమనించే ఉంటారు. పిల్లలు తాము అనడం మొదలుపెట్టాక తొందర చేస్తే ఫర్వాలేదు, అంతకుముందు మాత్రం వద్దు.

ఇందులోనే ఇంకో చిన్న సంగతి ఉంది. "అవును" అన్నా "కాదు" అన్నా తాత పక్క సీసాకి జరుగుతాడు. గింజ వెయ్యడం ఒక్కటే "అవును"కి చెందింది. క్లాసులో కొందరు పిల్లలు "అవును" అని తేలగానే పని అయిపోయిందనుకుంటారు, తర్వాతి సీసాలు చూడరు. తక్కువ ఉన్న సీసా దొరికింది కదా అని వాళ్ల లెక్క. అందుకే జరగడాన్ని రెండు చోట్లా ఒకే మాటల్లో చెబుతాను.

అంకె కాదు, గింజ. మొదట్లో నేను తాత చేత మనసులో లెక్కపెట్టించేవాడిని. "ఒకటి... రెండు..." అని. అప్పుడు పిల్లలు సీసాలో ఎన్ని ఉన్నాయన్న అంకెనీ, ఎన్ని సీసాలు తక్కువగా ఉన్నాయన్న అంకెనీ కలిపేసుకునేవారు. నాలుగు సున్నుండలు కనిపించగానే లెక్క నాలుగు అనేసేవారు. గింజలు, గిన్నె తెచ్చాక ఆ గందరగోళం పోయింది. సీసాలో ఉన్నది మిఠాయి, గిన్నెలో ఉన్నది గింజ. ఇంట్లో చింతగింజలు ఉంటే మంచం మీదకి ఒక గిన్నె తెచ్చుకోండి. "టప్" అన్నప్పుడల్లా పాప చేత వేయించండి. చింతగింజలు దొరక్కపోతే గుండీలైనా చాలు.

గింజలు ఎన్ని ఉంటే అన్ని పొయ్యిలు అని పెట్టడానికీ కారణం ఉంది. మా క్లాసులో ఒక పాప, "మూడు గింజలు చూస్తే ఏ మూడు మిఠాయిలో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. గిన్నెకి అది తెలియదు, దానికి ఎన్ని అన్నదే తెలుసు. కాబట్టి ఎన్ని అన్నదానితోనే సరిపోయే పని ఒకటి కావాలి. ఎన్ని పొయ్యిలు వెలిగించాలో చెప్పడానికి గింజలు చాలు, ఏది వండాలో మాస్టరు పొద్దున సీసాలు చూసుకుంటాడు. మీ పాప కూడా అదే అడిగితే, "మరి తాత ఏం చెయ్యాలి?" అని ఎదురు అడగండి. ఆ పాప చెప్పిన జవాబు ఏమిటంటే, గింజ గిన్నెలో కాకుండా ఆ సీసా ముందే పెట్టాలని.

"తే" దగ్గర జాగ్రత్త. తెలుగులో ఈ కథ చెప్పేవాళ్లు అందరికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది ఇది. మీరు సహజంగా "పదికి తక్కువైతే గింజ వేస్తాడు" అంటారు. కానీ మన "తే"కి రెండు అర్థాలు ఉన్నాయి. "అమ్మ వస్తే తలుపు తియ్యి" అంటే పిల్లలు ఏం చేస్తారు? అమ్మ వచ్చేదాకా చెవి అటే పెట్టి ఉంచుతారు, ఎప్పుడు వచ్చినా లేచి తీస్తారు. కంప్యూటర్లో `if` అలా కాచుకుని ఉండదు. దాని వంతు వచ్చినప్పుడు ఒక్కసారి చూస్తుంది, అవునో కాదో తేల్చుకుని ముందుకి పోతుంది.

దీని ఫలితం నాకు స్క్రాచ్‌లో పదేపదే కనిపిస్తుంది. పిల్లి బంతిని తాకితే మార్కు పెరగాలి. పిల్లలు ప్రోగ్రాం మొదలుపెట్టే పచ్చజెండా కింద ఒక `if` పెట్టి ఊరుకుంటారు. జెండా నొక్కుతారు, పిల్లిని బంతి దగ్గరికి తీసుకెళ్తారు, మార్కు పెరగదు. వాళ్ల దృష్టిలో ప్రోగ్రాం తప్పేమీ లేదు, తెలుగులో చదివితే సరిగ్గానే ఉంది. జెండా నొక్కిన ఆ క్షణంలో ఒక్కసారి చూసి అది వెళ్లిపోయిందని వాళ్లకి తట్టదు. ఆ `if`ని, ఆగకుండా తిరిగే `forever` లోపల పెట్టాలి.

అందుకే కథలో "తక్కువైతే" అనకుండా "తక్కువా?" అని ప్రశ్నగా పెట్టాను. చిట్టి అడుగుతుంది, తాత జవాబు చెబుతాడు, తర్వాత పని జరుగుతుంది. ప్రశ్న అడిగిన క్షణం ఒకటి ఉందని పిల్లలకి వినబడుతుంది.

దీనికోసమే నాలుగో రాత్రికి ఒక దొంగతనం పెట్టుకున్నాను, పిల్లలకి అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. తాత అరిసెల సీసా చూసి, పది ఉన్నాయని మూత పెట్టి, నువ్వుండల దగ్గరికి జరిగాడు. వెనకాల చిట్టి చప్పుడు చెయ్యకుండా ఒక అరిసె తీసి నోట్లో వేసుకుంది. ఇప్పుడు తొమ్మిదే. గిన్నెలో గింజ పడుతుందా? చాలామంది పిల్లలు మొదట "పడుతుంది, తొమ్మిది తక్కువ కదా" అంటారు. "ఎవరు వేస్తారు? తాత ఎక్కడ ఉన్నాడు?" అని అడిగితే ఆలోచిస్తారు. తాత దాటిపోయాడు, రేపు రాత్రి దాకా మళ్లీ ఆ మూత తియ్యడు. చిట్టి, తాత ఇంకా చూడని సీసాలోంచి, పల్లీ ఉండల్లోంచి తీసి ఉంటే ఏమయ్యేదో కూడా అడగండి. ఈ రెండిటికీ తేడా చెప్పగలిగితే మీ పాపకి కండిషన్ వచ్చేసినట్టే.

సరిగ్గా పది ఉన్న సీసా వదిలెయ్యకండి. "తక్కువ" అనడానికీ "పదీ, అంతకంటే తక్కువా" అనడానికీ తేడా తెలిసేది ఆ ఒక్క సీసా దగ్గరే. మిగతా ఆరు సీసాలకీ రెండు మాటలూ ఒకే జవాబిస్తాయి.

చివరి సీసా ఎప్పుడూ నిండుగా ఉండాలి, మూడో రాత్రి మటుకు. ఇది నేను పొరపాటు చేసి తెలుసుకున్నాను. ఒకసారి చివరి సీసాలో కూడా తక్కువ పెట్టి చెప్పాను. తాత ప్రతిసారీ గిన్నె బోర్లించినా, చివర్లో ఒక గింజ మిగిలింది. పిల్లలంతా "తాత లెక్కపెట్టడం తప్పాడు" అన్నారు, గిన్నె మీదకి ఎవరి దృష్టీ పోలేదు. ఇంకా కష్టమైనది, ఏడింటిలో చివరిది ఒక్కటే తక్కువగా ఉంటే ఈ తప్పు పద్ధతిలో కూడా సరైన జవాబు వస్తుంది. గిన్నె పూర్తిగా ఖాళీగా మిగిలితేనే పిల్లలు గిన్నెని అనుమానిస్తారు.

పాప పెద్దయ్యాక, పదేళ్లు వచ్చాక అనుకోండి, ఇదే మూడో రాత్రిని తెర మీద చూపించవచ్చు:

```python
seesalu = [6, 14, 2, 10, 12, 11, 18]
ginne = 0
for seesa in seesalu:
    if seesa < 10:
        ginne = ginne + 1
print(ginne)
```

ఇది `2` అని చూపిస్తుంది. ఇప్పుడు `ginne = 0` అన్న వరసని `for` లోపలికి, `if` పైకి జరపండి. `0` వస్తుంది, మాస్టరు దుప్పటి కప్పుకుంటాడు. చివరి `18`ని `8` చేస్తే `1` వస్తుంది, రావాల్సింది మాత్రం మూడు. మా క్లాసులో పిల్లలు ఈ తప్పు చేసినప్పుడు నేను వేరే ఏమీ చెప్పను. "గిన్నె ఎక్కడ బోర్లిస్తున్నావో చూసుకో" అంటే చాలు, వెళ్లి ఆ వరస పైకి తెచ్చుకుంటారు.

ఇంక ఆగడం గురించి. కథలో గోడ ఊరికే పెట్టింది కాదు. ఎక్కడ ఆగాలో తాతకి గోడ చెబుతుంది. గోడ తీసేస్తే ఏమవుతుందో అయిదో రాత్రికి చెప్పుకోవచ్చు. తాత కొత్తగా ఒక గుండ్రటి బల్ల కొన్నాడు, ఏడు సీసాలూ చుట్టూ పెట్టాడు. మూత తీశాడు, లెక్కపెట్టాడు, పక్క సీసాకి జరిగాడు... గోడ రాలేదు. మళ్లీ కాజాలు వచ్చాయి, మళ్లీ సున్నుండలు. గిన్నె నిండింది, జేబు ఖాళీ అయింది, తాత ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. నిద్రపుచ్చాల్సిన రాత్రికి ఇది బాగా పనికొస్తుంది. గొంతు తగ్గిస్తూ ఎన్ని చుట్లైనా తిప్పవచ్చు.

మర్నాడు చిట్టి ఉపాయం చెబుతుంది. మొదటి సీసాకి ఎర్రదారం కట్టు, ఎర్రదారం కనిపించేదాకా లెక్కపెట్టు. వినడానికి బాగుంది. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని మా క్లాసులో తొమ్మిదేళ్ల బాబు పట్టుకున్నాడు. తాత మొదట నిలబడేదే ఎర్రదారం ఉన్న సీసా ముందు. నిలబడగానే ఎర్రదారం కనిపించింది. అయితే ఒక్క సీసా కూడా చూడకుండానే ఆగిపోవాలి కదా! స్క్రాచ్‌లో `repeat until` అచ్చంగా అలాగే చేస్తుంది. ప్రతి చుట్టుకీ ముందే చూస్తుంది, మొదటి చుట్టుకి కూడా. ఆ బాబే దారి చెప్పాడు. దారం సీసాకి కట్టొద్దు, చివరి సీసాకీ మొదటి సీసాకీ మధ్య ఒక చెంబు పెట్టు, చెంబు పక్కనున్న సీసాతో మొదలుపెట్టు, చెంబు ముందుకి వచ్చేదాకా లెక్కపెట్టు. అప్పటి నుంచీ నా కథలో చెంబే ఉంది.

"దాకా" అన్న మాట గురించి కూడా ఒకటి గుర్తుంచుకోండి. స్క్రాచ్ వాడే `repeat until` మన "దాకా"తో సరిగ్గా కలుస్తుంది. పైథాన్‌లోని `while` కలవదు, అది "చెంబు రానంతసేపూ" అనే లెక్క. "చెంబు వచ్చేదాకా" అని తెలుగులో అనుకుని `while` తర్వాత చెంబు వచ్చిందనే రాసేస్తే, తాత మొదటి అడుగే వెయ్యడు. పిల్లలు స్క్రాచ్ నుంచి పైథాన్‌కి మారిన నెలలో ఈ తప్పు బాగా కనిపిస్తుంది. మీ పాపకి ఇప్పుడే అక్కర్లేదు, మీరు మటుకు కథలో "దాకా", "అంతసేపూ" కలగాపులగం చెయ్యకుండా ఒక్కదానికే కట్టుబడండి.

వయసు సంగతి. ఏడేళ్లకి మొదటి మూడు రాత్రులూ, దొంగతనమూ సరిపోతాయి. అయిదేళ్లలోపు పిల్లలకైతే ఏడు సీసాలు ఎక్కువ, నాలుగు చాలు. "పదికి తక్కువా" బదులు "సీసా ఖాళీయా?" అని పెట్టండి, అప్పుడు లెక్కపెట్టే పని ఉండదు. ఒక రాత్రికి ఒక భాగం మించి చెప్పకండి. రెండో రాత్రి మొదలుపెట్టే ముందు "నిన్న గిన్నెలో ఎన్ని గింజలు ఉన్నాయి?" అని అడిగితే, నిన్నటి గింజలు గిన్నెలోనే ఉన్నాయన్న విషయం పాప తాతకంటే ముందే గుర్తుచేసుకునే వీలుంది. అలా గుర్తుచేస్తే ఆపకండి, "తాతకి చెప్పు మరి, వినిపిస్తుందేమో" అనండి. పిల్లలు మంచం మీద నుంచి తాతని పిలుస్తారు.

నిద్రలోకి జారుకుంటే మధ్యలో ఏ సీసా దగ్గర ఆగారో గుర్తుపెట్టుకోండి. మర్నాడు మొదటి నుంచి మొదలుపెట్టకుండా ఆ సీసా దగ్గర నుంచే మొదలుపెట్టి, "గిన్నెలో ఎన్ని ఉండాలి ఇప్పుడు?" అని అడగండి. మా అబ్బాయి ఒక రాత్రి నువ్వుండల దగ్గర నిద్రపోయాడు. మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ, నేను అడగకుండానే, "నాన్నా, గిన్నెలో ఒకటే ఉంది, నువ్వుండలది ఇంకా వెయ్యలేదు" అన్నాడు.